సంతకం చేసిన సంగతే మరచిపోతే...

అమెరికాలోని కనెటికట్‌కు చెందిన హెన్రీ మొలైసన్‌కి మూర్ఛ. ఏ మందుకూ లొంగలేదు. 1953లో విలియమ్ స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో రెండువైపులా కణతల లోపలి భాగాన్ని కొంత తీసేశారు. మూర్ఛ తగ్గింది. దాంతోపాటే కొత్త జ్ఞాపకాలూ ఆగిపోయాయి! అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు. ధ్యాస మళ్లితే చాలు, అర నిమిషం కిందటి మాట కూడా గుర్తుండేది కాదు.

జ్ఞాపకం మెదడులో ఎక్కడ తయారవుతుందో శాస్త్రవేత్తలకు తెలిసింది చాలావరకు ఆయన వల్లే. అయిదు దశాబ్దాలకు పైగా వందమందికి పైగా పరిశోధకులు ఆయన్ని పరీక్షించారు. 'హెచ్.ఎం.' అన్న రెండక్షరాలే తప్ప అసలు పేరు 2008లో ఆయన పోయాకగానీ బయటికి రాలేదు.

మరి ఆయన ఒప్పుకున్నారా?

అడిగితే ఎప్పుడూ సరేననేవారు. మంచి మనిషి, ఓపికమంతుడు. కానీ అంగీకారమంటే 'సరే' ఒక్కటే కాదు. ఏం చేస్తారో అర్థం కావాలి, కష్టనష్టాలు బేరీజు వేసుకోవాలి, వద్దనుకుంటే మధ్యలో మానుకోగలగాలి. తానో పరిశోధనలో ఉన్నాననే గుర్తులేని మనిషి మానుకునేదెలా?

1985లో వెలువడిన ఒక అధ్యయనం ఈ చిక్కుని ఇంకా బాగా చూపిస్తుంది. కడుపునిండా భోజనం చేసిన హెన్రీకి కాసేపటికే మరో భోజనం పెట్టారు. దాన్నీ దాదాపు అంతా తినేశారు. చర్మానికి వేడి తగిలించే పరికరం పెడితే, బాగా పెంచినా నొప్పి అనలేదు, చెయ్యి లాక్కోలేదు. ఆకలి, నొప్పి లాంటి లోపలి సంగతులు గుర్తించి చెప్పే శక్తే తగ్గిపోయిందన్నమాట. అలాంటి మనిషి కిమ్మనకుండా కూర్చుంటే అది ఒప్పుకోలు అనుకోవచ్చా?

తల్లి 1981లో పోయారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన సంతకమే తీసుకున్నారు. 1992లోగానీ కోర్టు సంరక్షకుణ్ని నియమించలేదు. అప్పట్నుంచీ ఆ సంరక్షకుడే సంతకాలు పెట్టారు, మరణానంతరం మెదడు ఇచ్చేందుకు కూడా. రక్తసంబంధీకులు బతికుండగా వాళ్లనెందుకు అడగలేదని 2016లో ల్యూక్ డిట్రిచ్ అనే పాత్రికేయుడు తన పుస్తకంలో నిలదీశారు. ఆయనెవరో కాదు... ఆపరేషన్ చేసిన స్కోవిల్‌కి స్వయానా మనవడు!

మన దేశంలో మానసిక రోగుల విషయంలో 2017 చట్టం దీనికో దారి చెప్పింది. రోగి ఒప్పుకునే స్థితిలో లేనప్పుడు, అడ్డు చెప్పలేదు కదా అని మందులతోనో మరోవిధంగానో పరిశోధన మొదలుపెట్టడానికి వీల్లేదు. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. రోగి తరఫున నియమితుడైన ప్రతినిధి అంగీకారమూ ఉండాలి. ఒప్పుకోగల స్థితిలో ఉన్నవాళ్లమీద అదే పరిశోధన చేయడం కుదరదని కూడా తేలాలి.