పసుపు క్యాప్సూల్ సంగతి డాక్టరుకు తెలియాలి

2018లో న్యూజిలాండ్ మందుల భద్రతా సంస్థ మెడ్‌సేఫ్ ఒక హెచ్చరిక జారీ చేసింది. వార్ఫరిన్ వాడుతూ నిలకడగా ఉన్న ఒక రోగి పసుపుతో చేసిన ఉత్పత్తి ఒకటి మొదలుపెట్టారు. కొన్ని వారాల్లోనే ఆ రోగి ఐఎన్ఆర్ 10 దాటింది. మామూలు మనుషులకంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఎక్కువ సమయం పడుతోందో చెప్పే కొలత ఐఎన్ఆర్. మందు వాడనివారిలో అది 1 దగ్గర ఉంటుంది. గుండెలో మైట్రల్ వాల్వు తీసి కృత్రిమ లోహపు వాల్వు పెట్టినవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా చూస్తారు. 10 దాటిందంటే, దెబ్బ తగలకపోయినా లోపల ఎక్కడైనా రక్తస్రావం కావచ్చు.

ఇది చదివి పప్పులో పసుపు మానేయాల్సిన పని లేదు. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే. రోజంతా కూరల్లో కలిసి ఒక గ్రాము పసుపు తిన్నా, లోపలికి వెళ్లే కర్క్యుమిన్ 30 మిల్లీగ్రాములు. అదే 500 మిల్లీగ్రాముల గాఢమైన క్యాప్సూల్ ఒక్కటి వేసుకుంటే, పదిహేను గ్రాముల పసుపులో ఉండేంత కర్క్యుమిన్ ఒక్కసారే అందుతుంది. చాలా క్యాప్సూళ్లలో మిరియాల సారం కూడా కలుపుతారు. అది కర్క్యుమిన్ రక్తంలోకి చేరడాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. ఇంత మోతాదు ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని తగ్గించగలదు. వార్ఫరిన్‌ను కాలేయం విచ్ఛిన్నం చేసే పనిని నెమ్మదింపజేస్తుందనే అనుమానమూ ఉంది. మన దగ్గర వాల్వు రోగులు ఎక్కువగా వాడే ఎసిట్రోమ్ కూడా వార్ఫరిన్ కోవలోని మందే.

రక్తస్రావం భయం ఒకటే అయితే సంగతి ఇంత చిక్కుగా ఉండదు. ఒక ఉదాహరణ చూద్దాం. వాల్వు మార్పిడి అయిన ఒకామె ఐఎన్ఆర్ నెలల తరబడి 2.8 దగ్గర నిలకడగా ఉంది. మోకాళ్ల నొప్పులకని ఎవరో చెబితే పసుపు క్యాప్సూళ్లు మొదలుపెట్టింది. తరువాతి పరీక్షలో 5 వచ్చింది. డాక్టరు "కొత్త మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే "ఏమీ లేదండీ" అంది. పసుపును మందుల్లో లెక్కపెట్టడం ఆమెకు తోచలేదు. కారణం తెలియని డాక్టరు మాత్ర మోతాదు తగ్గించారు. ఐఎన్ఆర్ మళ్లీ 3కి వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నెలాఖరుకు క్యాప్సూళ్ల డబ్బా అయిపోయింది, నొప్పి తగ్గిందని ఆమె మళ్లీ కొనలేదు. ఇప్పుడు ఒంట్లో పసుపు సారం లేదు, మాత్ర మోతాదేమో తక్కువగా ఉంది. ఐఎన్ఆర్ 1.6కు జారింది. ఇక్కడి నుంచి భయం రక్తస్రావం గురించి కాదు, వాల్వు మీద గడ్డ కట్టడం గురించి. ఆ గడ్డ వాల్వును బిగబట్టవచ్చు, ముక్కగా విడిపోయి మెదడుకు వెళితే పక్షవాతం రావచ్చు. డాక్టరు సరిచేసింది అంకెనే. ఆ అంకె ఎందుకు మారిందో ఆమెకు మాత్రమే తెలుసు, ఆమె చెప్పలేదు.

అందుకే మొదలుపెట్టేటప్పుడు ఎంత అవసరమో, మానేసేటప్పుడూ అంతే అవసరంగా డాక్టరుకు చెప్పాలని నేను గట్టిగా అంటాను. చెబితే ఆయన క్యాప్సూలు వద్దనవచ్చు, లేదా తొందరగా మరోసారి రక్తపరీక్ష చేయించవచ్చు. డబ్బానే తీసుకెళ్లి చూపిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ సారం ఎంత గాఢమో దాని లేబులు మీదే ఉంటుంది.

మునగాకుది దీనికి తిరగబడ్డ కథ. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె, రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారుచేసుకోవడానికి కాలేయానికి కావాలి. వార్ఫరిన్ అడ్డుకునేది ఆ పనినే. ఎప్పుడో వారానికోసారి ఆకుకూర తినేవారు ఒక్కసారిగా రోజూ మునగాకు పొడి, పాలకూర రసం మొదలుపెడితే మాత్ర బలం తగ్గి ఐఎన్ఆర్ పడిపోతుంది. ఆకుకూరలు మానమని కాదు, దాదాపు ఒకే మోతాదులో తినమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

గుండెపోటు తరువాత ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. వెల్లుల్లి, అల్లం, గింకో క్యాప్సూళ్లు ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేయగలవు, ఆ ప్రభావం ఐఎన్ఆర్‌లో కనిపించదు. అంకె బాగున్నా ఒంటి మీద కమిలిన మచ్చలు రావచ్చు. పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం ఆగకుండా రావడం, నల్లటి మలం, ఎర్రటి మూత్రం కనిపిస్తే తరువాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. లోహపు వాల్వు ఉన్నవారికి రోజూ వినిపించే టిక్ టిక్ శబ్దం మందగించినా, కొత్తగా ఆయాసం వచ్చినా అంతే. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం కనిపించకపోయినా నేరుగా ఆసుపత్రికి వెళ్లి, వాడుతున్న మాత్రల పేరుతోపాటు క్యాప్సూళ్ల పేరూ చెప్పాలి.