ఎనిమిదిన్నర ఇస్తామంటే ఏమనాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇంజినీరింగ్ చదివిన పిల్లల్లో చాలామందికి ఉద్యోగమంటే బెంగళూరే. మూడు, నాలుగేళ్ల అనుభవం వచ్చాక రిక్రూటర్ల ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, ఈ పొజిషన్‌కి బడ్జెట్ ఎనిమిదిన్నర లక్షలు. మీకు ఓకేనా?" అని అవతలివాళ్లు అడుగుతారు. మన మనసులో ఉన్నది పన్నెండు. కోపమొచ్చి ఫోన్ పెట్టేసేవాళ్లు కొందరు. ముందు ఇంటర్వ్యూ పాసైతే తర్వాత వాళ్లే పెంచుతారని తలూపేవాళ్లు ఇంకొందరు. రెండూ తొందరపాటే.

మొదట ఆ ఎనిమిదిన్నర లోపల ఏముందో చూడాలి. ఉదాహరణకు మదనపల్లె నుంచి వెళ్లి బెంగళూరులో టెస్టింగ్ చేస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఇప్పటి సీటీసీ 8 లక్షలు, అందులో వేరియబుల్ ఏమీ లేదు. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800, బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ, తన వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోగా నెలకు 61 వేల పైచిలుకు చేతికొస్తుంది. కొత్త ఆఫర్‌లో పదోవంతు, అంటే 85 వేలు వేరియబుల్ అనుకుందాం. ఇన్సూరెన్స్ ప్రీమియం మరో 12 వేలు కూడా సీటీసీలోనే కలిపారనుకుందాం. మిగతా కోతలు పాత లెక్కనే వేస్తే చేతికొచ్చేది 57 వేల చిల్లర. పేరుకు యాభై వేలు పెరిగింది, నెల జీతం మాత్రం నాలుగు వేలు తగ్గింది. వేరియబుల్ ఏడాది చివర్లో పూర్తిగా వచ్చినా కలిసొచ్చేది కొంచెమే. ఇక గ్రాట్యుటీ సొమ్ము పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు పనిచేస్తేనే దక్కుతుంది.

కాబట్టి ఫోన్‌లో మొదటి మాట ఇలా ఉండాలి: "అందులో ఫిక్స్‌డ్ ఎంతండీ, వేరియబుల్ ఎంతండీ? పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ అందులోనే కలిపారా?"

రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. నాకు మాత్రం అసలు కీలకం అదే అనిపిస్తుంది. "మీరు కంపెనీ హెచ్‌ఆరా, కన్సల్టెన్సీయా? నేను ఎవరి పేరోల్ మీద ఉంటాను?" పర్మనెంట్ ఉద్యోగమైతే కన్సల్టెన్సీకి దక్కే ఫీజు సాధారణంగా మన ఏడాది జీతంలో ఇంత శాతం అని ఉంటుంది. 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, బాగా వాడుకలో ఉన్న లెక్క. మన జీతం పెరిగితే వాళ్ల ఫీజూ పెరుగుతుంది. అలాంటి మనిషి ఎనిమిదిన్నర దాటదని చెబితే చాలావరకు అది కంపెనీ గీసిన గీతే. కాంట్రాక్ట్ కొలువులో, అంటే థర్డ్ పార్టీ పేరోల్ మీద, లెక్క తిరగబడుతుంది. క్లయింటు నెలకు ఇంత అని ఏజెన్సీకి కడతాడు, మనకిచ్చింది పోగా మిగిలింది ఏజెన్సీది. అక్కడ బడ్జెట్ అనే మాటలో వాళ్ల లాభం కూడా దాగి ఉంటుంది గనుక గట్టిగా అడిగితే కొంత కదులుతుంది.

కంపెనీ గీత అయితే ఎంత కదులుతుంది? ప్రతి గ్రేడుకూ ఒక జీతాల పరిధి ఉంటుంది. తేడా పదో వంతు ఉంటే ఆ పరిధిలోనే సర్దుతారు. ఎనిమిదిన్నరకూ పన్నెండుకూ మధ్య నలభై శాతం ఉంది. అది బేరంతో పూడదు, పై గ్రేడు కావాలి. అందుకే ఇలా అడగాలి: "నా అంచనా ఫిక్స్‌డ్ పన్నెండండీ. పదకొండుకు తగ్గితే మారడం నాకు కుదరదు. ఇదే పనికి పై లెవెల్లో పొజిషన్ ఉంటే మాట్లాడదాం. మేనేజర్‌ని ఒకసారి అడిగి చెప్తారా?" ఆ తర్వాత అదే సంగతి రెండు వాక్యాల్లో మెయిల్ పెట్టాలి. రేపు నాలుగు రౌండ్లయ్యాక "మీరు ఓకే అన్నారు కదా" అనే మాట రాకుండా అదే కాపాడుతుంది. "ముందు ఇంటర్వ్యూకి రండి, తర్వాత చూద్దాం" అని మాత్రమే జవాబొస్తే గీత కదలలేదనే అర్థం.

ఆ పదకొండు ఎక్కణ్నుంచి వచ్చిందో ఫోన్ రాకముందే లెక్కేసి పెట్టుకోవాలి. ఇక్కడే మన ఊళ్ల సంగతి వస్తుంది. పూర్తిగా ఇంటి నుంచే పని అని ఆఫర్ లెటర్‌లో రాసిస్తే, బెంగళూరు అద్దె, తిండి, వారం వారం చింతామణి మీదుగా బస్సు ఖర్చు మిగులుతాయి. అవన్నీ కలిసి నెలకు 20 వేలైతే ఏడాదికి 2 లక్షల 40 వేలు. 12.75 లక్షల లోపు జీతానికి కొత్త విధానంలో ఆదాయపు పన్ను పడదు గనుక, అంత మిగలడం అంత జీతం పెరిగినట్టే. అలాంటప్పుడు మదనపల్లెలో ఇంట్లో ఉండేవాళ్లకు తొమ్మిది కూడా ఆలోచించదగ్గదే. కుప్పం వాళ్లకు కృష్ణరాజపురం దాకా రైలుంది గనుక వారానికి రెండు రోజుల ఆఫీసైనా నడుస్తుంది. నోటిమాటగా చెప్పిన వర్క్ ఫ్రమ్ హోమ్‌ను మాత్రం లెక్కలో వేయకండి. పిలిచిన మర్నాడే బెంగళూరులో గది వెతుక్కోవాల్సి వస్తుంది.

ఉద్యోగం చేతిలో ఉన్నప్పుడు ఈ లెక్క తేలకపోతే మొదటి ఫోన్‌లోనే మర్యాదగా వద్దనండి, పన్నెండు బడ్జెట్ వచ్చినప్పుడు పిలవమని చెప్పండి. ఉద్యోగం పోయి, ఇంటి ఈఎంఐ నెత్తిన ఉంటే ఎనిమిదిన్నరకు చేరడంలో తప్పేమీ లేదు. కానీ జీతం సమీక్ష ఏ నెలలో ఉంటుందో, నోటీస్ పీరియడ్ 30 రోజులో 90 రోజులో సంతకానికి ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.