ఐటీ విభాగం ఇచ్చిన జాబితా, సిస్టమ్ చెప్పిన జాబితా

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికి రాగానే అందరి నోటా వేల కోట్ల మాటే వినిపించింది. ఐటీ ఆడిటర్లకు మాత్రం ఆ తర్వాత దర్యాప్తులో తేలిన ఒక చిన్న సంగతి ఎక్కువగా గుర్తుండిపోయింది. కంపెనీ బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో ‘సూపర్ యూజర్’ అనే లాగిన్ ఒకటి ఉండేది. దానితో లోపలికి వెళ్లి ఇన్‌వాయిస్‌కి ‘H’ అని పెడితే అది మిగతా సిబ్బందికి కనిపించదు, ‘S’ అని పెడితే కనిపిస్తుంది. అలా దాచిన దొంగ ఇన్‌వాయిస్‌లు 7,561 అని లెక్క తేల్చారు. ఏ ప్రాజెక్టు పేరు మీద ఆ బిల్లు పుట్టిందో, ఆ ప్రాజెక్టు మేనేజర్‌కే దాని సంగతి తెలియదు.

అంత పెద్ద మోసం ప్రతి కంపెనీలోనూ జరగదు. కానీ అలాంటి లాగిన్లు ఎన్ని ఉన్నాయి, ఎవరి చేతుల్లో ఉన్నాయి అన్న ప్రశ్న నాలుగైదు వందలమంది పనిచేసే కంపెనీలోనూ వేయాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరు రావచ్చు, దాన్ని ఎవరు మార్చవచ్చు, డేటా పోతే తిరిగి వస్తుందా అనే మూడింటినీ కలిపి ఆడిటర్లు ఐటీ జనరల్ కంట్రోల్స్ అంటారు. ఇవి గట్టిగా లేకపోతే కంప్యూటర్ ఇచ్చే ఏ రిపోర్టునూ పూర్తిగా నమ్మి సంతకం పెట్టలేరు.

పటాన్‌చెరు దగ్గర ఎస్‌ఏపీ వాడే ఒక మందుల కంపెనీ ఉందనుకుందాం. కంపెనీ ఊహాజనితమే అయినా అందులో కనిపించేవన్నీ ఆడిటర్లకు తరచూ ఎదురయ్యేవే. యూజర్ల జాబితా అడిగితే ఐటీ మేనేజర్ ఎక్సెల్ ఫైలు పంపాడు. అందులో 131 పేర్లు ఉన్నాయి. అనుభవం లేని ఆడిటర్ అయితే ఆ ఫైలు పట్టుకుని పని మొదలుపెట్టేస్తాడు. ఇక్కడికి వచ్చినామె అలా చేయలేదు. ఐటీ కుర్రాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, `USR02` అనే టేబుల్‌ను తన కళ్లముందే తెరవమంది. లాక్ కాకుండా తెరిచి ఉన్న ఐడీలు 143 వచ్చాయి.

ఆ తేడా పన్నెండింటిలో ఏడు స్టోర్స్, గేటు లాంటి చోట్ల నలుగురైదుగురు కలిసి వాడుకునే ఐడీలు. మూడు సాఫ్ట్‌వేర్ అమర్చిన బయటి కంపెనీవాళ్లవి. మిగిలిన రెండూ ఉద్యోగం మానేసినవాళ్లవి. వాళ్ల పేర్లను ఎక్సెల్‌లో తీసేశారు గానీ సిస్టమ్‌లో లాక్ చేయడం మరిచిపోయారు. ఫైలు శుభ్రంగా ఉండటానికి కారణం అదే. కాగితం నుంచి మొదలుపెడితే కాగితంలో లేనిది ఎప్పటికీ దొరకదు. అందుకే సిస్టమ్ నుంచి మొదలుపెట్టి దానికి సంబంధించిన కాగితం ఉందా అని వెతకాలి. ఈ పనిలో సగం నేర్పు ఇక్కడే ఉంది.

తర్వాత హెచ్‌ఆర్ దగ్గర ఆ ఏడాది రిలీవ్ అయినవాళ్ల జాబితా తీసుకుని, ఒక్కొక్కరి చివరి పనిదినాన్ని ఐడీ చివరిసారి లాగిన్ అయిన తేదీతో పోల్చింది. మొదటి ఐడీని యజమాని వెళ్లాక ఎవరూ ముట్టుకోలేదు. అది లోపమే, కానీ దానివల్ల నష్టం జరగలేదు. రెండోది మాత్రం యజమాని వెళ్లిపోయిన పంతొమ్మిది రోజులకు లాగిన్ అయింది. ఆరా తీస్తే దాని వెనక ఉన్నది పర్చేజ్ విభాగానికి కొత్తగా వచ్చిన ఉద్యోగి.

“నా ఐడీకి అప్రూవల్ రాలేదండీ. పని ఆగిపోతుందని పాత సార్ పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లారు” అన్నాడు.

అతని మాట అబద్ధమేమీ కాదు. అయినా విషయం అక్కడితో తీరలేదు. ఆ పంతొమ్మిది రోజుల్లో పాత ఐడీతో పద్నాలుగు పర్చేజ్ ఆర్డర్లు పడ్డాయి. మధ్యలో అతనికి కొత్త ఐడీ వచ్చింది, దానికి ఆర్డర్లను ఆమోదించే హక్కు కూడా ఇచ్చారు. పద్నాలుగులో మూడింటిని పాత ఐడీతో తయారుచేసిందీ, కొత్త ఐడీతో ఆమోదించిందీ అతనొక్కడే. ఒకరు రాస్తే మరొకరు చూడాలన్న నియమం సిస్టమ్ దృష్టిలో పాటించినట్టే, ఎందుకంటే దానికి కనిపించినవి రెండు వేర్వేరు పేర్లు. ఆడిటర్ ఆ మూడు ఆర్డర్ల సరుకు గేటు లోపలికి వచ్చిందా, రేటు సరైనదేనా అని బిల్లులతో సరిచూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ సంగతినీ, నియమం తప్పిన సంగతినీ రిపోర్టులో వేర్వేరుగా రాసింది.

సాఫ్ట్‌వేర్ మార్పుల దగ్గరా ఇదే పద్ధతి. ఆమోదం ఉన్న టికెట్లు చూపించమంటే ఆమోదం ఉన్నవే చూపిస్తారు. ప్రొడక్షన్‌లోకి నిజంగా వెళ్లిన మార్పుల జాబితాను సిస్టమ్‌లోని ఇంపోర్ట్ హిస్టరీ నుంచి తీస్తే, వాటిలో శాంపిల్‌గా ఎంచుకున్న పాతికలో ఒకదానికి టికెట్ లేదని తేలింది. తేదీ 2025 సెప్టెంబర్ 21, రాత్రి. మర్నాటి నుంచి చాలా మందులపై జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగాల్సి ఉంది కాబట్టి హడావుడి అర్థం చేసుకోదగ్గదే. అత్యవసర మార్పుకు ముందస్తు ఆమోదం లేకపోవడం పెద్ద తప్పు కాదు, రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు చూసి సంతకం పెడితే చాలు. ఇక్కడ ఎవరూ పెట్టలేదు. పైగా రాసిన డెవలపరే దాన్ని ప్రొడక్షన్‌లోకి ఎక్కించాడు. పన్ను రేటుతో పాటు ఆ రాత్రి ఇంకేమైనా మారిందా అని తెలుసుకోవడానికి పాత కోడ్‌నీ కొత్త కోడ్‌నీ పక్కపక్కన పెట్టి చూడాల్సి వచ్చింది.

ఇక బ్యాకప్. లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ తీసి భారతదేశంలోని సర్వర్‌లో ఉంచాలని 2022లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. తీసిన బ్యాకప్ పనికొస్తుందా లేదా అన్నది వేరే విషయం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు అలసటలో, వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. రోజువారీ బ్యాకప్ కోసం చూస్తే ఖాళీ. డేటాబేస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ ప్రోగ్రామ్ వెర్షన్ మరొకటి కావడంతో అది కొన్నాళ్లుగా విఫలమవుతూనే ఉంది. విఫలమైనట్టు చెప్పే మెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. చివరికి అదృష్టవశాత్తూ వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన నకలే ఆదుకుంది. ఈ వివరాలన్నీ ఆ సంస్థే స్వయంగా బయటపెట్టింది. ఫెయిల్ మెయిల్ రాలేదంటే బ్యాకప్ బాగుందని కాదని ఆడిటర్లు ఇప్పటికీ దీన్నే ఉదహరిస్తారు.

అందుకే పటాన్‌చెరు కంపెనీలో ఆమె బ్యాకప్ లాగ్‌లు చూసి ఊరుకోకుండా, నిన్న రాత్రి బ్యాకప్‌ను పక్కన ఖాళీగా ఉన్న సర్వర్‌లోకి ఎక్కించమంది. పాలసీ ప్రకారం నాలుగు గంటల పని. ఉదయం పదింటికి మొదలుపెడితే మొదటి మూడు గంటలు ఎన్‌క్రిప్షన్ తాళం వెతకడానికే పోయాయి. అది తెలిసిన మనిషి సెలవులో ఉన్నాడు. డేటా ఎక్కి, ట్రయల్ బ్యాలెన్స్ నిన్నటి ముగింపు అంకెలతో సరిపోయేసరికి రాత్రి తొమ్మిది.

రిపోర్టులో నాలుగు, పదకొండు అనే రెండు అంకెలనూ పక్కపక్కనే రాసింది. పాలసీలో నాలుగును పన్నెండుగా మార్చేస్తామని ఐటీ మేనేజర్ జవాబిచ్చాడు. వినడానికి తప్పించుకోవడంలా ఉన్నా అది చట్టబద్ధమైన జవాబే, కాకపోతే ఆ గడువుకు ఒప్పుకోవాల్సింది ఐటీ విభాగం కాదు. ఎండీ ఆ కాగితాన్ని డిస్పాచ్ మేనేజర్ వైపు జరిపి, పన్నెండు గంటలు ఒక్క లారీ కూడా కదలకపోతే ఏమవుతుందో లెక్కేసి చెప్పమన్నాడు.