ఆరంకెలు మరిచిపోతే ఏడు రోజులు

కొత్త ఫోన్లో వాట్సాప్ పెట్టుకునేటప్పుడు రెండు నంబర్లు అడగొచ్చు. రెండూ ఆరంకెలవే కాబట్టి రెండూ ఒకటేనని పొరబడేవాళ్లు చాలామంది. మొదటిది ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడ్. ప్రతిసారీ మారుతుంది, గుర్తుంచుకునే పని లేదు. రెండోది టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్. అది మనం ఎప్పుడో పెట్టుకున్నది. దాన్ని ఎవరూ పంపరు, ఎక్కడా కనిపించదు. 2017లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఈ పిన్ పెట్టుకోవాలా వద్దా అన్నది మన ఇష్టమే. ఎవరో మోసపోయారని పేపర్లో చదివి ఆ పూట పెట్టేసుకుని, తర్వాత దాని సంగతే మరిచిపోయినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మరిచిపోకూడదనే యాప్ మధ్యమధ్యలో పిన్ అడుగుతూ ఉంటుంది. అది మనకు విసుగు తప్ప జ్ఞాపకం కాదు.

ఫోన్ బాగున్నన్నాళ్లూ దీనితో ఇబ్బంది లేదు. చిక్కంతా ఫోన్ మారిన రోజే.

తెనాలిలో రిటైరైన ఒక హెడ్మాస్టారు ఉన్నారనుకుందాం. కొడుకు డాలస్‌లో ఉంటాడు. సోమవారం పొద్దున మాస్టారి ఫోన్ నీళ్ల తొట్టిలో పడి ఇక వెలగలేదు. ఆ రాత్రి మనవరాలి లాప్‌టాప్‌లో చూస్తే, ఇదివరకే లింకు చేసి ఉండటంతో ఆయన వాట్సాప్ మామూలుగానే తెరుచుకుంది. ఫోన్ పనిచేయకపోయినా లింకైన కంప్యూటర్లో వాట్సాప్ 14 రోజుల వరకు నడుస్తుంది. మంగళవారం బజారుకెళ్లి కొత్త ఫోన్ కొన్నారు. షాపు కుర్రాడు సిమ్ మార్చాడు, వాట్సాప్ దించాడు, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ కొట్టాడు. తర్వాతి తెర పిన్ అడిగింది.

"మాస్టారూ, పిన్ ఎంతండీ?"

"ఇప్పుడే కొట్టావు కదయ్యా!"

ఆ తర్వాత ఇద్దరూ కలిసి పుట్టిన తేదీలు, పాత స్కూటర్ నంబరు, ఏటీఎం అంకెలకు రెండు సున్నాలు కలిపీ అన్నీ ప్రయత్నించారు. తప్పు కొట్టేకొద్దీ మళ్లీ ప్రయత్నించడానికి ఇంతసేపు ఆగమని యాప్ చెప్పడం మొదలుపెట్టింది. చివరికి 'పిన్ మరిచిపోయారా' అన్నది నొక్కారు. పిన్ పెట్టుకున్న రోజున ఈమెయిల్ కూడా ఇచ్చి ఉంటే దానికి ఒక లింకు వచ్చేది, ఆ లింకుతో పిన్ మార్చుకుని ఐదు నిమిషాల్లో బయటపడేవారు. మాస్టారు ఆ గడిని ఖాళీగా వదిలేశారు. ఇక మిగిలింది ఒకటే దారి. ఏడు రోజులు ఆగాలి.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిస్తే అక్కడా లాగౌట్ అయిపోయింది. ఈ వ్యవహారం మొత్తంలో తెలుసుకోవాల్సిన మెలిక ఇదే. ఎస్సెమ్మెస్ కోడ్ కొట్టిన క్షణంలోనే ఆ నంబరు పాత ఫోన్ నుంచీ దానికి లింకైన కంప్యూటర్ల నుంచీ బయటికి వచ్చేస్తుంది. పిన్ తెలిసిందా లేదా అన్నదాంతో దానికి సంబంధం లేదు. అంటే పాత తలుపు మూసుకుపోయింది, కొత్త తలుపు ఇంకా తెరుచుకోలేదు. సోమవారం రాత్రి ఆ లాప్‌టాప్‌లోంచి కావలసిన ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు, అడ్రసులు దించుకుని, కొడుక్కి ఒక మాట చెప్పి, ఆ తర్వాత షాపుకెళ్లి ఉంటే మాస్టారికి ఈ వారం ఇంత బరువయ్యేది కాదు. పిన్ గుర్తుందో లేదో అనుమానంగా ఉన్నవాళ్లు ఎస్సెమ్మెస్ కోడ్ కొట్టకముందే ఆగి ఆలోచించుకోవాలి. కొట్టాక చేసేదేమీ ఉండదు.

ఆ వారమంతా డాలస్‌లో కొడుక్కి కనిపించేది ఒంటి టిక్కు. ఫోన్ చేసి అడిగితేగానీ సంగతి తెలియదు. గ్రూపుల్లో మాస్టారి పేరు అలాగే ఉంటుంది, గుడ్‌మార్నింగులు వస్తూనే ఉంటాయి. అందని మెసేజ్‌లను వాట్సాప్ తన సర్వర్లో 30 రోజుల దాకా ఉంచుతుంది. అలాగని అవన్నీ చివర్లో వచ్చి పడతాయని లెక్కేసుకోకూడదు. పిన్ లేకుండా మళ్లీ నమోదు చేసుకుంటే ఈలోగా ఆగిపోయిన మెసేజ్‌లు పోతాయని 2017లో ఈ ఏర్పాటు తెచ్చినప్పుడు వాట్సాప్ స్పష్టంగానే చెప్పింది. ముఖ్యమైన పని ఉన్నవాళ్లకు ఫోన్ చేసి, అప్పటిదాకా మామూలు ఎస్సెమ్మెస్ పంపమని చెప్పడమే మేలు.

ఇంత కఠినం ఎందుకంటే, ఈ పిన్ పుట్టిందే సిమ్ దొంగల కోసం. మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసినవాడికైనా, మాయమాటలు చెప్పి మీ చేత ఎస్సెమ్మెస్ కోడ్ చదివించుకున్నవాడికైనా మొదటి ఆరంకెలు దొరికిపోతాయి. రెండో ఆరంకెలు దొరకవు. తాను నిజమైన యజమానినని వాడూ చెబుతాడు, పిన్ మరిచిపోయానని వాడూ అంటాడు. ఎదురుగా ఉన్నది తెనాలి మాస్టారో ఎక్కడి మోసగాడో తెలుసుకునే మార్గం యాప్‌కు లేదు. అందుకని అసలు మనిషి తన సిమ్ తాను తిరిగి తెచ్చుకునేంత వ్యవధి ఇస్తుంది. సిగ్నల్ యాప్‌లో రిజిస్ట్రేషన్ లాక్ పెట్టుకుని పిన్ మరిచినా గడువు ఇంచుమించు ఏడు రోజులే. నా దృష్టిలో గడువు సబబే. ఈమెయిల్ గడిని అంత సులువుగా దాటిపోనివ్వడమే తప్పు.

కొన్నిసార్లు కథ తిరగబడుతుంది. ఓటీపీ కొట్టేసినవాడు మీ అకౌంట్లోకి దూరి, మీరు పెట్టుకోని పిన్‌ను తానే పెట్టేస్తాడు. అప్పుడు మీకు తెలియని పిన్ మీ నంబరుకు అడ్డం పడుతుంది. ఎలాగూ ఏడు రోజులేగా అని ఊరుకోకండి. వెంటనే మీ ఫోన్లో నమోదు మొదలుపెట్టి ఎస్సెమ్మెస్ కోడ్ కొడితే, మీరు లోపలికి వెళ్లలేకపోయినా వాడు బయటికి వచ్చేస్తాడు. ఆపైన 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇక మాటల సంగతి. మాస్టారి అసలు బెంగ అకౌంటు గురించి కాదు. రెండేళ్ల క్రితం పోయిన అన్నగారి వాయిస్ మెసేజ్‌లు పోయాయేమోనని. అవి పోలేదు. బ్యాకప్ పెట్టుకుని ఉంటే ఆయన గూగుల్ డ్రైవ్‌లో ఆ ఫైలు భద్రంగానే ఉంటుంది. అది ఆయన సొంత డ్రైవ్‌లోనే ఉన్నా ఈ ఏడు రోజులూ ఎందుకు తెరవలేమంటే, బ్యాంకు లాకరుకు లాగే దీనికి రెండు తాళాలు కావాలి. తాళమేసిన ఫైలు మన డ్రైవ్‌లో ఉంటుంది, దాన్ని విప్పే తాళంచెవి వాట్సాప్ సర్వర్లో ఉంటుంది. నంబరు నమోదు పూర్తయితేనే ఆ చెవి ఫోన్‌కు అందుతుంది. పిన్ బ్యాకప్‌కు వేసిన తాళం కాదు. కానీ ఆ చెవి దగ్గరికి వెళ్లే దారికి అడ్డంగా నిలబడేది పిన్నే. అందుకే డబ్బిస్తే ఇవాళే తెరిచి చాట్లు తీసిస్తామనేవాళ్లను నమ్మకూడదు. వాళ్లకు ఆ చెవి ఉండదు. సిమ్ కంపెనీవాళ్లకూ ఉండదు.

ఈ ఏడు రోజుల్లో చేయాల్సిన పని ఒకటుంది. షాపు కుర్రాడు కొత్త ఫోన్ తెరిచేటప్పుడు మాస్టారి పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగాడు. ఆయనకు గుర్తురాలేదు. కుర్రాడు చులాగ్గా కొత్త జీమెయిల్ ఒకటి తయారుచేసి పెట్టేశాడు. మన ఊళ్లలో ఫోన్ కొన్న ప్రతిచోటా ఇది జరిగేదే. బ్యాకప్ మాత్రం పాత జీమెయిల్ కింద ఉంది. ఎనిమిదో రోజున నమోదు పూర్తయ్యాక యాప్ కొత్త జీమెయిల్లో వెతికి, బ్యాకప్ ఏమీ దొరకలేదంటుంది. చాలామంది అక్కడ 'స్కిప్' నొక్కుతారు. నొక్కితే చాట్లు లేని ఖాళీ వాట్సాప్ తెరుచుకుంటుంది. అప్పటికీ మించిపోయిందేమీ లేదు. యాప్ తీసేసి మళ్లీ పెట్టుకుంటే ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది. కానీ ఆ ఖాళీ యాప్‌కే పాత జీమెయిల్ తగిలించి బ్యాకప్ ఆన్ చేశారా, కొత్త బ్యాకప్ పాతదాని మీద పడుతుంది. వాట్సాప్ మామూలుగా తెల్లవారుజామున రెండు గంటలకు బ్యాకప్ తీస్తుంది. పొద్దున్న లేచేసరికి అన్నగారి గొంతు ఉండాల్సిన చోట ఒకరోజు గుడ్‌మార్నింగులు ఉంటాయి.

కాబట్టి ఎదురుచూసే వారంలో మాస్టారు ఆ పాత జీమెయిల్‌ను పట్టుకోవాలి. పాస్‌వర్డ్ తిరిగి సంపాదించి, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ అకౌంటును చేర్చాలి. తర్వాత గూగుల్ డ్రైవ్‌లో 'బ్యాకప్స్' అన్నచోట వాట్సాప్ పేరు, పక్కన చివరిసారి బ్యాకప్ అయిన తేదీ కనిపిస్తాయి. ఆ తేదీ పోయిన ఆదివారమైతే నిశ్చింత. ఆరు నెలల కిందటిదైతే ఆ తర్వాతి చాట్లు రావని ముందే తెలుస్తుంది. 2024 నుంచి ఆండ్రాయిడ్‌లో ఈ బ్యాకప్ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకొస్తోంది. ఫొటోలతో ఆ జాగా నిండిపోయి, బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయిందని చాలామందికి తెలిసేది ఇలాంటి రోజునే.

వారం గడిచాక పిన్ మార్చుకునే వీలు వస్తుంది. మాస్టారు కొత్త ఫోన్లో లోపలికి వెళ్లి, పాత జీమెయిల్‌కు అనుమతిచ్చి 'రిస్టోర్' నొక్కుతారు. మాటలు ముందు వస్తాయి, ఫొటోలు, వీడియోలు వెనకాల మెల్లగా దిగుతాయి.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే వీలు 2021లో వచ్చింది. దానికి వేరే పాస్‌వర్డో 64 అంకెల కీనో ఉంటుంది. అది పెట్టుకున్నవాళ్ల తాళంచెవి వాట్సాప్‌కు కూడా అందదు. పిన్ మరిచిపోతే వారం పోతుంది. ఇది మరిచిపోతే ఎన్నాళ్లు ఆగినా ఆ బ్యాకప్ తెరుచుకోదు.

ఫోన్ ఇంకా చేతిలో పనిచేస్తున్నవాళ్లకు మాత్రం ఇదంతా రెండు నిమిషాల పని. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ-స్టెప్ వెరిఫికేషన్ తెరిచి 'చేంజ్ పిన్' నొక్కితే నేరుగా కొత్త పిన్ అడుగుతుంది, పాతది అడగదు. ఫోన్ మార్చే ముందురోజు చేసుకుంటే సరి. అక్కడే ఈమెయిల్ కూడా ఉంటుంది. ఇదివరకే ఇచ్చినవాళ్లు కూడా అది ఏ అడ్రసో ఒకసారి చూసుకోవాలి. పాత ఆఫీసుదో, అబ్బాయి కాలేజీలో ఉన్నప్పుడు వాడినదో అయితే లింకు అక్కడికే పోతుంది.