నలభై గదుల విడిది: సంతకం ముందే చూసుకోవాల్సిన లెక్కలు

పెళ్లికి నలభై గదులు కావాలని హోటల్‌ను అడగడం వేరు, నలభై గదులకు సంతకం పెట్టడం వేరు. అడిగినంత మాత్రాన ఎవరూ ఎవరికీ బాకీ పడరు. సంతకం పెడితే మాత్రం, ఆ గదుల్లో చుట్టాలు దిగినా దిగకపోయినా కొంత డబ్బు కడతామని ఒప్పుకున్నట్టే. గోవాలోనో విశాఖ తీరంలోనో పెళ్లి తలపెట్టి, మగపెళ్లివారి విడిదితో సహా అందరినీ ఒకే హోటల్‌లో దించే కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. చివరి బిల్లు చూసి వాళ్లు ఉలిక్కిపడే మొత్తాలకు మూలం చాలాసార్లు ఆ నాలుగైదు పేజీల ఒప్పందంలోనే ఉంటుంది.

ఒక బృందం కోసం హోటల్ పక్కన పెట్టి ఉంచే గదులను ఆ వ్యాపారంలో బ్లాక్ అంటారు. ఆ తేదీలకు వేరేవాళ్లు అడిగినా హోటల్ ఆ గదులు ఇవ్వదు. పెద్ద ముహూర్తాలున్న మాసంలోనో, డిసెంబరు సెలవుల్లోనో అలా అట్టేపెట్టడం హోటల్‌కు నిజంగానే ఖర్చు. రాత్రి గడిచాక ఖాళీ గదిని మళ్లీ అమ్ముకునే వీలు లేదు. అందుకే బృందం తీసుకోని గదులకు పరిహారం కోరే షరతు పెడతారు. దాన్నే అట్రిషన్ క్లాజ్ అంటారు. తీసుకుంటామన్న దానిలో పది, పదిహేను, కొన్నిచోట్ల ఇరవై శాతం వరకు తగ్గినా ఫర్వాలేదని, అంతకు మించి తగ్గితే ఆ గదుల అద్దె కట్టాలని అందులో రాస్తారు.

ఇక్కడ లెక్క గదుల్లో కాదు, రూమ్ నైట్స్‌లో సాగుతుంది. ఒక గది ఒక రాత్రికి ఒక యూనిట్. నలభై గదులు రెండు రాత్రులంటే ఎనభై యూనిట్లు.

ఒక పెళ్లిని ఉదాహరణగా తీసుకుందాం. ముహూర్తం రెండో రాత్రి గడిచి తెల్లవారుజామున. గది అద్దె రాత్రికి 9,000 రూపాయలు, పన్ను అదనం. ఒప్పందం రెండు రాత్రులకూ నలభై గదులకు జరిగింది. పదిహేను శాతం వరకు తగ్గుదలకు అనుమతి ఉంది. ఇలాంటి పెళ్లికి ముందు రోజే వచ్చేది దగ్గరి బంధువులు. మిగతావాళ్లు ముహూర్తం ఉన్న రాత్రికి చేరుకుని, భోజనాలు కాగానే బయల్దేరతారు. కాబట్టి మొదటి రాత్రి 26 గదులు, రెండో రాత్రి 38 గదులు నిండాయనుకుందాం. మొత్తం 64.

ఒప్పందంలో తగ్గుదలను రెండు రాత్రులకూ కలిపి లెక్కిస్తామని ఉంటే, ఎనభైలో పదిహేను శాతం తీసేయగా నిండాల్సినవి 68. నాలుగు తక్కువయ్యాయి కాబట్టి కట్టాల్సింది 36,000 రూపాయలు. ఏ రాత్రికి ఆ రాత్రే లెక్క అని ఉంటే కథ మారుతుంది. రాత్రికి కనీసం 34 గదులు నిండాలి. మొదటి రాత్రి ఎనిమిది తక్కువ, అంటే 72,000. రెండో రాత్రి నాలుగు ఎక్కువే నిండినా, ఆ మిగులు మొదటి రాత్రి లోటును పూడ్చదు. వచ్చిన చుట్టాలు వాళ్లే, పడుకున్న గదులు అవే. ఒప్పందంలోని ఒక్క వాక్యం వల్ల జరిమానా రెట్టింపయింది.

దీనికి మందు బేరంలో కంటే ముందస్తు అంచనాలో ఉంది. రెండు రాత్రులకూ ఒకే సంఖ్య రాయించుకోవాలన్న నియమమేమీ లేదు. మొదటి రాత్రికి 28, రెండో రాత్రికి 40 అని రాయించుకుని ఉంటే, పదిహేను శాతం సడలింపుతో కనీసం నిండాల్సినవి 24, 34. నిజంగా నిండినవి 26, 38. రాత్రివారీ లెక్క ప్రకారం చూసినా కుటుంబం ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. శుభలేఖ ఎవరెవరికి పంపుతున్నారో ఆ జాబితాలోనే, ఎవరు ఏ రాత్రికి వస్తారో పెదనాన్నలనూ మేనత్తలనూ అడిగి రాసుకుంటే ఈ అంచనా తేలిగ్గానే వస్తుంది.

మరో చిక్కు యాప్‌ల వల్ల వస్తుంది. పెళ్లికి నెల ముందు ఒక బావగారు ఫోన్‌లో చూస్తే అదే హోటల్ గది 8,200కే దొరుకుతుంది. ఆయన అక్కడే బుక్ చేసుకుంటారు. మరో ఇద్దరు ముగ్గురు ఆయన దారే పడతారు. హోటల్‌కు డబ్బు వచ్చింది, గది నిండింది, దిగింది పెళ్లివారే. కానీ బ్లాక్ లెక్కలో వాళ్లు కనిపించరు. పై ఉదాహరణలో 64 కాక మరో నాలుగు రూమ్ నైట్స్ ఇలా బయటి నుంచి వచ్చాయనుకుంటే, వాటిని కలిపిన వెంటనే మొత్తం 68 అవుతుంది, కలిపి లెక్కించే పద్ధతిలో జరిమానా పూర్తిగా పోతుంది. అందుకే బృందానికి చెందినవారు ఏ మార్గంలో బుక్ చేసుకున్నా మా లెక్కలోకే రావాలని ఒక వాక్యం రాయించుకోవాలి. పెళ్లయ్యాక అతిథుల జాబితాను హోటల్‌లో దిగినవారి పేర్లతో సరిపోల్చి చూస్తారు. దానితోపాటే ఇంకో వాక్యం అవసరం: ఆ రాత్రి హోటల్ పూర్తిగా నిండిపోయినా, మేం వదిలిన గదులు వేరేవారికి అమ్ముడైనా, ఆ మేరకు మా పరిహారం తగ్గించాలి. నష్టం రానప్పుడు నష్టపరిహారం అడగకూడదన్నదే ఇందులోని న్యాయం.

భారతీయ చట్టమూ ఈ న్యాయానికి దగ్గరగానే ఉంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న పరిహారం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి, సమంజసమైన మొత్తమే ఇప్పించాలి. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ, నష్టమే జరగని చోట పరిహారం ఉండదని స్పష్టం చేసింది. అయినా పెళ్లి డబ్బు కోసం కోర్టు మెట్లెక్కేవారు అరుదు. ఆ న్యాయమేదో ఒప్పందంలోనే రాయించుకోవడం నయం.

ఇక గడువులు. బృందం పేర్లు ఇవ్వడానికి హోటల్ పెట్టే చివరి రోజును కట్-ఆఫ్ తేదీ అంటారు. ఇది మామూలుగా మూడు నాలుగు వారాల ముందు ఉంటుంది. ఆ రోజు దాటాక మిగిలిన గదులు బ్లాక్ నుంచి జారిపోతాయి. ఆ తర్వాత ఎవరైనా వస్తామంటే గది ఉంటేనే ఇస్తారు, అప్పటి ధరకే ఇస్తారు. కట్-ఆఫ్ రాగానే బాధ్యత కూడా తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. అట్రిషన్ షరతు ఉన్న ఒప్పందంలో అలా తీరదు. గదులు హోటల్ చేతికి తిరిగి వెళ్తాయి, పరిహారం మాత్రం పెళ్లివారి పేరనే నిలుస్తుంది. కొన్ని హోటళ్లు అరవై రోజుల ముందు ఒకసారి, ముప్పై రోజుల ముందు ఇంకోసారి కొన్ని గదులు ఉచితంగా వదులుకోనిస్తాయి. ఆ అవకాశాన్ని ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో రాసి వాడుకోవాలి. తగ్గించిన తర్వాత అట్రిషన్ శాతం పాత సంఖ్య మీదా, కొత్త సంఖ్య మీదా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి.

అమెరికాలో పెళ్లి చేసే తెలుగు కుటుంబాలకు ఇంకో దారి ఉంది. అక్కడి చాలా హోటళ్లు పది గదుల వరకు ఏ పూచీ లేకుండా పక్కన పెడతాయి. దాన్ని కర్టసీ బ్లాక్ అంటారు. అతిథులు ఎవరికి వారే కార్డుతో కట్టుకుంటారు, కట్-ఆఫ్ దాటితే మిగిలిన గదులు హోటల్‌వే, ఎవరి మీదా బాకీ ఉండదు. గదులు ఎక్కువ కావాల్సినప్పుడు రెండు మూడు హోటళ్లలో ఇలా సర్దుకునేవారూ ఉన్నారు.

మొత్తం పెళ్లే రద్దయితే వర్తించేది అట్రిషన్ కాదు, రద్దు షరతు. ఆర్నెల్ల ముందైతే పావువంతు, మూడు నెలల ముందైతే సగం, నెల లోపైతే దాదాపు మొత్తం అన్నట్టుగా రోజులు దగ్గరపడేకొద్దీ మెట్లు పెరుగుతాయి. ఆ శాతం దేని మీద అన్నది అసలు ప్రశ్న. గదుల అద్దె మీదేనా, భోజనాలు, హాలు అద్దె కూడా కలిపిన మొత్తం మీదా అన్నదాన్ని బట్టి అంకె చాలా మారిపోతుంది.

చెల్లింపుల పట్టికను ఈ మెట్ల పక్కనే పెట్టి చదవాలి. సంతకం రోజు 25 శాతం, 120 రోజుల ముందుకల్లా 75 శాతం, పదిహేను రోజుల ముందు మిగతాదంతా కట్టాలని ఒప్పందంలో ఉందనుకుందాం. వంద రోజుల ముందు రద్దు చేసుకుంటే నష్టం సగమే అని రద్దు పట్టిక చెబుతుంది. కానీ అప్పటికే 75 శాతం హోటల్ ఖాతాలో ఉంది. మిగతా పావువంతు కోసం పెళ్లివారే హోటల్ చుట్టూ తిరగాలి. ఏ రోజు చూసినా కట్టిన డబ్బు, ఆ రోజు రద్దు చేస్తే పోయే డబ్బును మించకుండా పట్టికను సరిచేయించుకుంటే ఈ తిప్పలు ఉండవు. తిరిగి ఇచ్చేది నగదా, మరో తేదీకి సర్దుబాటా, ఎన్ని రోజుల్లో అన్నవీ రాయించుకోవాలి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఈ ప్రశ్నలకు జవాబు ఒప్పందాల్లో లేక ఎందరో ఇబ్బంది పడ్డారు.

తుఫాను, ప్రభుత్వ నిషేధం లాంటి ఎవరి చేతిలోనూ లేని కారణాలకు మినహాయింపు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఇంట్లో మరణం సంభవించి మైల వస్తే ఆ మినహాయింపు సామాన్యంగా వర్తించదు. తెలుగు ఇళ్లలో ముహూర్తం వాయిదా పడడానికి అదొక పెద్ద కారణం. ఒక్కసారి, ఫలానా నెలల లోపు, కట్టిన డబ్బంతా కొత్త తేదీకి మార్చుకునే వెసులుబాటు ముందే అడిగితే ఇచ్చే హోటళ్లు ఉన్నాయి. కష్టం వచ్చాక అడిగితే అది వాళ్ల దయ మీద ఆధారపడుతుంది.

పన్ను కూడా గది ధరను బట్టి మారుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. కాబట్టి 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది, 7,600 గది 8,968 అవుతుంది. ధర విషయంలో రెండు వందల బేరానికి గదికి దాదాపు పన్నెండు వందలు మిగులుతాయి.

పెళ్లి జరిగే రోజుల్లో ప్రతి ఉదయం, ముందు రాత్రి నిండిన గదుల జాబితాను రిసెప్షన్ నుంచి తీసుకుని, ఇంటి తరఫున ఒకరు దాన్ని అతిథుల పేర్లతో సరిచూసుకోవాలి. యాప్‌లో వచ్చినవారిని, ఒకే గదిలో సర్దుకున్నవారిని, రానివారిని అప్పుడే గుర్తించవచ్చు. తేడా ఉంటే సేల్స్ మేనేజర్‌తో ఆ పూటే మెయిల్‌లో ఒప్పించుకుని, చివరి బిల్లు మీద సంతకం ఆ తర్వాతే పెట్టాలి.