కండోమ్ చిరిగేది ఎందుకు?

వంద జంటలు ఏడాది పొడవునా ప్రతిసారీ, సరైన పద్ధతిలో కండోమ్ వాడితే ఇద్దరు మహిళలకు మాత్రమే గర్భం వచ్చే అవకాశం ఉంది. మామూలుగా జనం వాడే తీరులో వాడితే ఆ సంఖ్య 13 దాకా వెళ్తుంది. కండోమ్ అదే, రబ్బరూ అదే. తేడా అంతా వాడకంలోనే ఉంది. ‘ఈ ఒక్కసారికి ఏం కాదులే’ అని పక్కన పెట్టేయడం అందులో మొదటిది. మిగిలినవి చేతితో చేసే పొరపాట్లు.

కొత్తగా పెళ్లైన ఒక జంటను ఊహించుకుందాం. రెండేళ్లు పిల్లలు వద్దనుకున్నారు, కండోమ్ వాడుతున్నారు. పొడిగా, మంటగా అనిపించడంతో బాత్రూమ్‌లో ఉన్న కొబ్బరి నూనె రాసుకున్నారు. కాసేపటికే కండోమ్ చిరిగింది. ‘నాసిరకం సరుకు’ అనుకుని కంపెనీ మార్చారు. మళ్లీ అదే జరిగింది. తప్పు కంపెనీది కాదు, నూనెది. ఎక్కువ కండోమ్‌లు లేటెక్స్ అనే సహజ రబ్బరుతో తయారవుతాయి. నూనె తగిలితే ఆ రబ్బరు మెత్తబడి బలం కోల్పోతుంది. ప్రయోగశాలలో మినరల్ ఆయిల్ తగిలిన ఒక్క నిమిషంలోనే లేటెక్స్ బలం దాదాపు 90 శాతం పడిపోయినట్టు తేలింది. పెట్రోలియం జెల్లీ, బేబీ ఆయిల్, వంటనూనె, వెన్న ఏవీ పనికిరావు. మందుల షాపులో దొరికే నీటి ఆధారిత జెల్ గానీ, సిలికాన్ జెల్ గానీ వాడాలి.

ఇక తొడుక్కునే పద్ధతి. ముందుగా ప్యాకెట్ మీద గడువు తేదీ చూడాలి. ప్యాకెట్‌ను వేళ్లతో నొక్కితే లోపల గాలి ఉన్నట్టు మెత్తగా తగలాలి. గాలి పోయి ఉంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. పంటితో, కత్తెరతో కాకుండా అంచు దగ్గర చేత్తో చింపాలి. అంగం పూర్తిగా గట్టిపడ్డాక, భాగస్వామి శరీరానికి తాకకముందే తొడగాలి. ‘చివర్లో వేసుకుందాం’ అనుకుంటే కుదరదు, అంతకుముందే ఊరే ద్రవంలోనూ క్రిములు ఉండొచ్చు, వీర్యకణాలూ ఉండొచ్చు. కండోమ్ కొనను వేళ్లతో నొక్కి గాలి తీసేసి, వీర్యానికి చోటు ఉంచి, మొదలు దాకా విప్పుకుంటూ వెళ్లాలి. విప్పుకోకపోతే తిరగేసి పెట్టినట్టు లెక్క. అలాంటప్పుడు దాన్నే మళ్లీ తిప్పి వాడకూడదు, అప్పటికే అంగం తగిలింది కాబట్టి కొత్తది తీసుకోవాలి.

స్ఖలనం తర్వాత చాలామంది ఏమరుపాటుగా ఉండిపోతారు. అంగం మెత్తబడితే కండోమ్ వదులై లోపలే జారిపోతుంది. గట్టిదనం తగ్గకముందే అంచును మొదట్లో పట్టుకుని బయటికి తీయాలి. వాడినదాన్ని ముడివేసి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేయాలి. రెండోసారికి కొత్తది వాడాల్సిందే. రెండు కలిపి తొడిగితే భద్రత రెట్టింపవుతుందని కొందరి నమ్మకం. నిజానికి రెండు పొరలూ ఒరుసుకుని చిరిగే ప్రమాదం పెరుగుతుంది. జేబు పర్సులో నెలల తరబడి ఉంచినా, ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టినా వేడికి, రాపిడికి రబ్బరు పాడవుతుంది.

ఏపీలో కుటుంబ నియంత్రణ పాటించేవారిలో అత్యధికులు మహిళల ఆపరేషన్‌పైనే ఆధారపడతారు. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది గానీ వ్యాధులను ఆపలేదు. మాత్రలూ, కాపర్ టీ కూడా అంతే. కండోమ్ ఆ రెండు పనులూ చేస్తుంది. భార్యాభర్తల్లో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న జంటల మీద జరిగిన అధ్యయనాల్లో, ప్రతిసారీ కండోమ్ వాడినప్పుడు రెండోవారికి సోకడం దాదాపు 80 శాతం తగ్గింది. శరీర ద్రవాల ద్వారా వచ్చే గనేరియా, క్లామిడియా నుంచి కూడా మంచి రక్షణ ఉంటుంది. హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్ మాత్రం చర్మం నుంచి చర్మానికి కూడా అంటుతాయి. పుండు కండోమ్ కప్పని చోట ఉంటే రక్షణ తక్కువే. అందుకే పుండ్లు, కురుపులు, స్రావం కనిపిస్తే కలయిక మానేసి ఇద్దరూ డాక్టరును కలవాలి. లేటెక్స్ పడక దురద, దద్దుర్లు వచ్చేవారికి పాలీయురేథేన్ కండోమ్‌లు ఉన్నాయి.

ఒకవేళ చిరిగితే? గర్భం రాకుండా అత్యవసర మాత్రను 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. అవతలి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉందన్న అనుమానం ఉంటే అదే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లి నివారణ మందులు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. సిగ్గుపడి నాలుగో రోజు దాకా ఆగితే ఆ మందులతో ప్రయోజనం ఉండదు. నిరోధ్ కండోమ్‌లు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, ఆశా కార్యకర్తల దగ్గర దొరుకుతాయి. హెచ్‌ఐవీ గురించి ఏ సందేహం ఉన్నా 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.