నీళ్లొదిలిన బాకీ తిరిగొస్తే

విజయవాడ ఏలూరు రోడ్డులో పాఠ్యపుస్తకాల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకుందాం. 2022 జూన్‌లో బడులు తెరిచే వేళకు ఒక ప్రైవేటు స్కూలుకు 4,00,000 రూపాయల పుస్తకాలు అరువు మీద పంపాడు. దసరాకి ఇస్తానన్న కరస్పాండెంటు సంక్రాంతికి వాయిదా వేశాడు. ఆ తర్వాత ఫోనెత్తడమే మానేశాడు. మరుసటి ఏడు స్కూలుకే తాళం పడింది. ఇక వచ్చేది కాదని 2024 మార్చిలో వ్యాపారి తన పుస్తకాల్లో 3,00,000 రూపాయలు రానిబాకీగా కొట్టేశాడు. స్కూలు బస్సొకటి అమ్మకానికి ఉందని తెలిసి, ఆ డబ్బులోంచి లక్షయినా రాకపోతుందా అన్న ఆశతో మిగిలిన 1,00,000 మాత్రం స్కూలు ఖాతాలోనే ఉంచాడు.

ఇందులో పన్ను సంగతి ఎక్కడుందంటే, వ్యాపారి ఆ నాలుగు లక్షల మీద ఆదాయపు పన్ను ఎప్పుడో లెక్క చూపేశాడు. బిల్లు రాసిన రోజునే అమ్మకం ఖాతాలో పడింది కాబట్టి, డబ్బు చేతికి రాకపోయినా 2022-23 ఆదాయంలో అది కలిసిపోయింది. రాని డబ్బుకు పన్ను కట్టినవాడికి ఊరట ఇవ్వడం న్యాయం. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 36(1)(vii) సెక్షన్ ఇచ్చేది ఆ ఊరటే. రానిబాకీని వ్యాపార లాభంలోంచి తీసేసుకోవచ్చు.

దీనికి షరతులు రెండే. ఒకటి, ఆ బాకీ ఏదో ఒక ఏడాది ఆదాయంలో లెక్కకు వచ్చి ఉండాలి. అరువు అమ్మకం అలా వచ్చిందే. అదే కరస్పాండెంటుకు స్నేహం కొద్దీ యాభై వేలు చేబదులు ఇచ్చి ఉంటే, అది ఎన్నడూ ఆదాయం కాలేదు గనుక ఈ దారిలో తగ్గింపు రాదు. వడ్డీ వ్యాపారులకూ బ్యాంకులకూ అప్పివ్వడమే వ్యాపారం కాబట్టి వారి అసలుకు మినహాయింపు ఉంది, పుస్తకాల వ్యాపారికి లేదు. రెండు, ఆ ఏడాది పుస్తకాల్లో బాకీని నిజంగా కొట్టేయాలి. 'రాకపోవచ్చు' అని పక్కన పెట్టే మొత్తం, అంటే ప్రొవిజన్, చాలదని చట్టమే చెబుతోంది.

బాకీ నిజంగా మునిగిపోయిందని రుజువు చేయాలా? ఒకప్పుడు చేయాల్సి వచ్చేది. నోటీసులేవి, దావా వేశావా, ఈ ఏడాదే ఎందుకు మునిగింది అని అధికారి అడిగేవాడు. 1989 ఏప్రిల్ 1 నుంచి చట్టం మారింది. అయినా రుజువు అడిగే అలవాటు పోలేదు. 2010లో టీఆర్‌ఎఫ్ లిమిటెడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక, పుస్తకాల్లో కొట్టేస్తే చాలునని ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా 2016 మేలో 12వ సర్క్యులర్ ద్వారా తన అధికారులకు చెప్పింది. చట్టం మారాక ఆ మాట కిందివరకూ చేరడానికి ఇరవై ఏడేళ్లు పట్టిందన్నమాట.

ఇక మన వ్యాపారి మొదటి ఏడాది లెక్క చూద్దాం. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా సాగిన ఏడాది ఆదాయాన్ని 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరంలో చూపాలి. రానిబాకీ తీయకముందు ఆయన లాభం 14,00,000. వేరే ఆదాయం లేదు, కొత్త పన్ను విధానంలోనే ఉన్నాడు. 3,00,000 తీసేస్తే పన్ను పడే ఆదాయం 11,00,000. ఆ ఏటి శ్లాబుల ప్రకారం మొదటి మూడు లక్షలకు పన్ను లేదు. ఆరు లక్షల దాకా 5 శాతం అంటే 15,000, తొమ్మిది దాకా 10 శాతం అంటే 30,000, పైన ఉన్న రెండు లక్షలకు 15 శాతం చొప్పున 30,000. మొత్తం 75,000, దాని మీద 4 శాతం సెస్సు 3,000 కలిపి 78,000 రూపాయలు. బాకీ కొట్టేయకపోయి ఉంటే 1,35,200 కట్టాల్సి వచ్చేది. ఆదా 57,200.

తర్వాత ఏడాది కథ తిరగబడింది. 2024 డిసెంబరులో స్కూలు స్థలం అమ్ముడైంది. కొన్న పెద్దమనిషి ఊళ్లో మాట పడకూడదని పాత బాకీలన్నీ పరిష్కరించమన్నాడు. వ్యాపారికి ఆఖరి పరిష్కారంగా 2,40,000 రూపాయల చెక్కు వచ్చింది.

ఇప్పుడు ఈ రెండు లక్షల నలభై వేలలో పన్ను పడేది ఎంత? అంతా ఆదాయమే అని కొందరు రాసేస్తారు. పాత బాకీయే కదా, ఆదాయం ఎలా అవుతుందని మరికొందరు ఒక్క రూపాయీ చూపరు. రెండూ తప్పే. 41(4) సెక్షన్ అడిగే లెక్క వేరు. మొత్తం బాకీలోంచి అప్పట్లో అనుమతించిన తగ్గింపును తీసేయాలి. 4,00,000లో 3,00,000 పోతే 1,00,000. ఈ లక్షకు వ్యాపారి ఎప్పుడూ తగ్గింపు పొందలేదు, కాబట్టి వసూలులో మొదటి లక్ష ఆయన సొంత డబ్బే. దానికి మించి వచ్చిన 1,40,000 మాత్రమే వసూలైన ఏడాది వ్యాపార లాభంగా లెక్కకు వస్తుంది. ప్రభుత్వం తాను వదులుకున్న మేరకే వెనక్కి అడుగుతుంది.

ఆ ఏడాది, అంటే 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి, మామూలు వ్యాపార లాభం 12,60,000. వసూలు కలిపితే 14,00,000. శ్లాబులు ఈలోగా కొంచెం మారాయి. ఏడు లక్షల దాకా 5 శాతం కింద 20,000, పది దాకా 10 శాతం కింద 30,000, పన్నెండు దాకా 15 శాతం కింద 30,000, ఆపై రెండు లక్షలకు 20 శాతం కింద 40,000. మొత్తం 1,20,000, సెస్సుతో 1,24,800. చెక్కు రాకపోతే 95,680 కట్టేవాడు. అంటే వసూలు మీద పడిన పన్ను 29,120.

మొదటి ఏడాది రేట్లతో ఈ వసూలుకు సంబంధం లేదు. తగ్గింపు పొందినప్పుడు కొంత 20 శాతం శ్లాబులో, కొంత 15 శాతం శ్లాబులో ఆదా అయింది. వెనక్కి కట్టేటప్పుడు మాత్రం ఆ ఏటి రేటు, ఆ ఏటి ఆదాయమే చూస్తారు. మంచి ఏడాదిలో కొట్టేసి మందకొడి ఏడాదిలో వసూలైతే వ్యాపారికి లాభం, తిరగేస్తే నష్టం. దీన్ని ఎవరూ సరిచేయరు. పాత ఏడాది రిటర్ను తిరగదోడి 'అప్పుడు మూడు లక్షలు కాదు, లక్షా అరవై వేలే పోయింది' అని దిద్దే పని కూడా లేదు. అప్పటి లెక్క అప్పటికి సరైనదే.

చెక్కు 2,40,000కు బదులు 60,000కే వచ్చి, ఇక ఇంతేనని తేలిపోయి ఉంటే? అప్పుడు 41(4) ఊసే ఉండదు. ఖాతాలో మిగిల్చిన లక్షలో అరవై వేలు వచ్చాయి, నలభై వేలు రాలేదు. ఆ 40,000ను ఆఖరి వసూలు జరిగిన ఏడాదిలో 36(2) సెక్షన్ కింద అదనంగా తగ్గించుకోవచ్చు. ఆదాయం 12,20,000కు దిగుతుంది, పన్ను సెస్సుతో 87,360 అవుతుంది. ఇక్కడ 'ఆఖరి' అన్న షరతును తేలిగ్గా తీసుకోకూడదు. ఇంకా రావచ్చని ఆశ ఉండి వాయిదాలు నడుస్తుంటే ఇప్పుడే నలభై వేలు తీసేయడానికి లేదు. అలాగే 70,000 ఈ ఏడు, 1,70,000 వచ్చే ఏడు వస్తే, మొదటిది పూర్తిగా లక్షలో సర్దుకుంటుంది. రెండోదాంట్లో మిగిలిన 30,000 పోను 1,40,000కు వచ్చే ఏడు పన్ను పడుతుంది.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. నాలుగు లక్షల బాకీలో 2,40,000 వచ్చిందంటే నిజమైన నష్టం 1,60,000. తగ్గించుకున్న మూడు లక్షల్లోంచి తర్వాత ఆదాయంగా చూపిన 1,40,000 తీస్తే అదే 1,60,000 రావాలి. అరవై వేల కథలో నష్టం 3,40,000. మూడు లక్షలకు నలభై వేలు కలిపితే అంతే. ఇవి కుదరకపోతే ఎక్కడో రూపాయలు రెండుసార్లు పడ్డాయనో, అసలు పడలేదనో అర్థం.

తప్పులు ఎక్కువగా జరిగేది గుమాస్తా రాసే పద్దులోనే. చెక్కు మొత్తాన్నీ స్కూలు ఖాతాకే జమ చేస్తే, లక్ష బాకీ ఉన్న ఖాతాలో 1,40,000 ఎదురు నిల్వ తేలుతుంది. మూతపడిన స్కూలుకు మనమే బాకీ ఉన్నట్టు ఆస్తి అప్పుల పట్టీలో కనిపిస్తుంది. మొత్తాన్నీ 'వసూలైన రానిబాకీలు' అని లాభనష్టాల ఖాతాకు రాస్తే, స్కూలు ఖాతాలో లక్ష అలాగే వేలాడుతూ, రావలసిన పన్ను కన్నా 20,800 ఎక్కువ కట్టినట్టవుతుంది. లక్ష స్కూలు ఖాతాకు, మిగిలింది లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి. మొదట్లోనే నాలుగు లక్షలూ పుస్తకాల్లో కొట్టేసి, అందులో లక్షను అధికారి ఒప్పుకోని సందర్భంలో ఇంకా జాగ్రత్త పడాలి. పుస్తకాల్లో 2,40,000 మొత్తం లాభంగానే కనిపిస్తుంది. పన్ను లెక్క వేసే కాగితంలో మాత్రం ఆ లక్షను తీసేయాలి. సెక్షన్ అడిగేది పుస్తకాల్లో ఎంత కొట్టేశారని కాదు, పన్ను లెక్కలో ఎంత అనుమతించారని.

వ్యాపారం మూసేసినా ఈ పన్ను తప్పదు. ఏలూరు రోడ్డు షాపుకు షట్టరు దించేసి ఇంట్లో కూర్చున్నా, చెక్కు వచ్చిన ఏడాది అది వ్యాపార ఆదాయమే. షాపు మూసిన ఏడాది నష్టం మిగిలి ఉంటే దాన్ని ఈ ఆదాయంలోంచి తీసుకునే వీలు 41(5) ఇస్తుంది. ఇక 44ఏడీ కింద అమ్మకాల మీద శాతంగా లాభం చూపే చిన్న వ్యాపారులకు రానిబాకీని విడిగా తగ్గించుకునే వీలే లేదు. ఆ శాతంలోనే అన్ని ఖర్చులూ కలిసిపోయాయని చట్టం ఉద్దేశం. పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి మన లెక్క నేరుగా సాగింది. జీఎస్టీ ఉన్న సరుకైతే, కొన్నవాడు ఎగ్గొట్టినా అమ్మినవాడు కట్టిన ఆ పన్ను వెనక్కి రాదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారతాయి, అసెస్‌మెంట్ సంవత్సరం బదులు పన్ను సంవత్సరం అనే పేరు వస్తుంది. పాత చట్టం కింద తగ్గించుకున్న బాకీలు ఆ తర్వాత వసూలయ్యేవీ ఉంటాయి. కనుక బాకీ కొట్టేసిన ఏడాది రిటర్ను, పన్ను లెక్క కాగితం, అధికారి ఉత్తర్వు ఏదైనా వస్తే అదీ ఆ బాకీదారు ఫైల్లోనే కలిపి ఉంచండి. చెక్కు ఏ ఏడు వచ్చినా మీ ఆడిటర్ మొదట అడిగేది అదే.